సంతాపం ఒక సందేశంలో, సరుకు ఇంకో సందేశంలో

విజయవాడ ఆటోనగర్‌లో అట్టపెట్టెలు తయారుచేసే ఒక చిన్న యూనిట్ ఉందనుకుందాం. ఇద్దరు అన్నదమ్ముల భాగస్వామ్యం. అన్నగారు మిషన్లూ పనివాళ్లనూ చూసుకుంటారు. ఆర్డర్లు, లోడింగు, బిల్లులు, జీఎస్‌టీ, బ్యాంకు పనులన్నీ తమ్ముడివి. ఊరికి అవతల పచ్చళ్ల ఫ్యాక్టరీలో మీరు కొనుగోళ్లు చూస్తారు. సీసాలు సర్దే ఐదు పొరల పెట్టెలు ఏళ్ల తరబడి వాళ్లే పంపుతున్నారు. ఎనిమిదో తారీఖు గురువారం రాత్రి తమ్ముడు గుండెపోటుతో పోయారు. శుక్రవారం పొద్దున్న మీ డ్రైవరు ఆ కబురు తెచ్చాడు. నాలుగు రోజుల్లో, అంటే పన్నెండున, వాళ్ల దగ్గర్నుంచి మీకు తర్వాతి లోడు రావాలి.

ఇది కల్పించిన ఉదాహరణే. కానీ మన దగ్గర చిన్న, మధ్యతరగతి వ్యాపారాల్లో చావు కబురు దాదాపు ఇలాగే వస్తుంది. ఎవరిని పరామర్శించాలో, ఎవరిని సరుకు అడగాలో ఆ మనిషి ఒక్కరే అవుతారు. అక్కడే చేయి తడబడుతుంది. కొందరు వెంటనే వాట్సాప్‌లో ఇలా పెడతారు: "మీ తమ్ముడు గారి మరణవార్త విని చాలా బాధపడ్డాం. వారి ఆత్మకు శాంతి కలగాలని కోరుకుంటున్నాం. అలాగే సోమవారం రావాల్సిన లోడు విషయం కాస్త చూడగలరు." ఆ "అలాగే" అన్న మాట దగ్గర సంతాపం అంతా కొట్టుకుపోతుంది. చదివినవాళ్లకు మొదటి రెండు వాక్యాలూ మూడో వాక్యం కోసం వేసిన మెట్లలా కనిపిస్తాయి. ఇంకొందరు బాగుండదని పదిహేను రోజులు అసలు ఊరుకుంటారు. ఈలోగా ఆర్డరు మొత్తం వేరే వాళ్లకు మార్చేస్తారు. పెద్దకర్మ అయ్యాక అన్నగారు షట్టరు ఎత్తేసరికి చేతిలో పని ఉండదు. మాటతో పొడిచినవాళ్లకంటే మాట లేకుండా పక్కకు తప్పుకున్నవాళ్లే ఎక్కువ నష్టం చేస్తారని నేను గట్టిగా నమ్ముతాను.

నా మాట ఒక్కటే. సంతాపం చెప్పే సందేశమూ పని గురించిన సందేశమూ వేరువేరుగా, వీలైతే వేరువేరు మనుషులకు వెళ్లాలి. అయితే సంతాప సందేశంలో పని ఊసే ఉండకూడదని కాదు. అందులో పని గురించి ఒకే ఒక్క వాక్యం ఉండొచ్చు. అది అవతలివాళ్ల నెత్తి మీంచి బరువు దించే వాక్యం కావాలి. ఏదైనా అడిగే వాక్యం మాత్రం అందులో ఉండకూడదు.

బరువు దించే ఆ వాక్యం రాయడానికి ముందు గోడౌన్‌లోకి వెళ్లాలి. "మా ఆర్డరు గురించి మీరు ఆలోచించకండి" అని రాసేసి, మూడో రోజున పెట్టెలు అయిపోయి ఫోన్ చేస్తే, ముందు రాసిన మాట అబద్ధమవుతుంది. అందుకని లెక్క చూద్దాం. మొత్తం ఆర్డరు 12,000 పెట్టెలు. వచ్చినవి 5,000. గోడౌన్‌లో మిగిలినవి 3,600. రోజుకు 400 వాడతారు. అంటే తొమ్మిది పనిదినాలకు సరిపోతాయి. శుక్రవారం తొమ్మిదో తారీఖు నుంచి లెక్కపెట్టి, మధ్యలో రెండు ఆదివారాలు తీసేస్తే పంతొమ్మిదో తారీఖు సాయంత్రం దాకా బండి నడుస్తుంది. పోయిన రోజును కలుపుకొని పదకొండో రోజు పద్దెనిమిది, ఆదివారం. వాళ్లింట్లో పదకొండో రోజున పెద్దకర్మ చేస్తారనుకుంటే, పంతొమ్మిదిన యూనిట్ తెరుచుకోవచ్చు. పేపరు రీళ్లు ఎక్కించి, అతికించి, ఆరబెట్టి, ప్రింటు వేసి లోడు పంపడానికి ఇంకో మూడు రోజులు పడుతుంది. మీకు నిజంగా పెట్టెలు లేకుండా పోయేది ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై రెండు. మూడు రోజులకు 1,200 పెట్టెలు. చెయ్యి తడుముకోకుండా ఉండటానికి 2,000 అనుకోండి.

లెక్క చేయకముందు 7,000 పెట్టెలు ఆగిపోయాయన్న భయం ఉంటుంది. లెక్క తేలాక కావాల్సింది 2,000 పెట్టెలు మాత్రమే. వాటిని ప్రింటు లేకుండా తెల్లగా ఇంకెవరి దగ్గరైనా తెప్పించుకుని స్టిక్కరు అంటించి వాడుకోవచ్చు. మీ ప్రింటుకు చేయించిన రబ్బరు స్టీరియో వాళ్ల దగ్గరే ఉంది కాబట్టి, దాని కోసం ఈ సమయంలో మనిషిని పంపకండి. స్టీరియో తెప్పించుకోవడమంటే ఆ వీధిలో దానికి ఒకటే అర్థం, మీరు వెళ్లిపోతున్నారని.

ఇప్పుడు మొదటి సందేశం. కబురు తెలిసిన రోజే, అన్నగారికి నేరుగా. ఇలా ఉండొచ్చు:

"అన్నగారూ, తమ్ముడు గారు లేరన్న వార్త పొద్దున్నే తెలిసింది. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. పోయిన సంక్రాంతికి మా లోడు ఆలస్యమైతే రాత్రి పూట ఆయనే లారీతో పాటు వచ్చి, పెట్టెలన్నీ దించేదాకా నిలబడ్డారు. మా హమాలీలు ఈ రోజు ఆ సంగతే చెప్పుకుంటున్నారు. మీకూ ఇంట్లో అందరికీ ఈ కష్టాన్ని తట్టుకునే బలం కలగాలి. మా దగ్గర సరిపడా పెట్టెలు ఉన్నాయి, మా పని గురించి మీరు ఏమీ పెట్టుకోకండి. దీనికి జవాబు ఇవ్వక్కర్లేదు. రేపు ఇంటికి వస్తాను."

ఇందులో పోయిన మనిషి గురించి ఒక నిజమైన సంగతి ఉంది. "మంచి మనిషి", "అజాతశత్రువు", "పరిశ్రమకు తీరని లోటు" వంటి మాటలు ఎవరు పోయినా అతికేవే. లారీ పక్కన రాత్రి నిలబడటం ఆయన ఒక్కరికే చెందుతుంది. వ్యాపార పరిచయంలో ఇంటి సంగతులు మనకు తెలియకపోవచ్చు. కానీ పనిలో ఆయన ఎలా ఉండేవారో ఇంటివాళ్లకంటే మనకే ఎక్కువ తెలుసు. ఇంటివాళ్లు ఎన్నడూ చూడని ఆ ముఖాన్ని చెప్పగలిగేది మనమే. ఆ సందర్భం గుర్తుకురాకపోతే ఇంకాసేపు ఆలోచించాలి తప్ప, ఎక్కడి నుంచో తీసిన నాలుగు పంక్తులూ దీపం బొమ్మా పంపకూడదు.

చివర్లో జవాబు అక్కర్లేదన్న మాట చిన్నదిగా కనిపిస్తుంది కానీ చాలా పని చేస్తుంది. పోయిన మర్నాడు ఆ ఫోనుకు వచ్చే సందేశాలకు లెక్క ఉండదు. వ్యాపారి కాబట్టి ఒక్కొక్కదానికీ జవాబు ఇవ్వకపోతే ఎవరేమనుకుంటారో అన్న భయం ఆ దుఃఖంలోనూ ఉంటుంది. ఆ ఒక్కదాని నుంచి ఆయన్ను విడిపించాలి. "ఏ సాయం కావాలన్నా అడగండి" అన్న మాట దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఏం కావాలో ఆలోచించే పని, మనల్ని అడిగే పని, అడిగాక మొహమాటపడే పని, మూడూ ఆయన మీదే పెడుతుంది. చేసేది ఉంటే చేసేసి చెప్పాలి.

ఎలా పోయారని అడగవద్దు. తెలిసినా రాయవద్దు. ఒక్కోసారి మరణం యూనిట్‌లోనే, మిషన్ దగ్గరే జరుగుతుంది. అప్పుడు ఫ్యాక్టరీల శాఖ విచారణ, పోలీసు కేసు, నష్టపరిహారం ఉంటాయి. అలాంటప్పుడు మనం రాసే ప్రతి మాటా ఎవరి తప్పో తేల్చేదిగా కనిపించే ప్రమాదం ఉంది. "ఇలాంటివి జరగకుండా జాగ్రత్త పడండి" అని సలహా ఇవ్వడమూ, "మిషన్ ఎప్పుడు మొదలవుతుంది" అని అడగడమూ రెండూ క్షమించరానివే. దుఃఖం ఒక్కటే చెప్పి ఆగిపోవాలి.

మతం విషయంలోనూ మన నోటికి అలవాటైన మాటే అందరికీ సరిపోతుందనుకోకూడదు. క్రైస్తవ కుటుంబానికి "శివైక్యం చెందారు" అని రాసేవాళ్లున్నారు. ముస్లిం మిత్రుడికి అరబీ వాక్యాన్ని ఎక్కడినుంచో తప్పులతో దించి పంపేవాళ్లున్నారు. వాళ్ల మాట మనకు బాగా వస్తే తప్ప, "ఇంట్లో అందరికీ ధైర్యం కలగాలి" అన్న సాదా తెలుగు చాలు. తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. పెద్దకర్మ అందరికీ పదకొండో రోజునే రాదు. కొన్ని ఇళ్లలో పదమూడో రోజు, ముస్లింలలో మూడో రోజు, నలభయ్యో రోజు, క్రైస్తవుల్లో జ్ఞాపకార్థ కూడిక. పని గురించి ఎప్పుడు మాట్లాడవచ్చో ఈ తేదీని బట్టే తెలుస్తుంది. అది అన్నగారిని కాదు, సూపర్‌వైజరునో పక్క షాపువాళ్లనో అడగాలి.

మొదటి సందేశం ఏ నంబరుకు పంపుతున్నామో ఒక్క క్షణం చూసుకోవాలి. ఇది ఎవరూ ఆలోచించని చోటు. ఇన్నాళ్లూ మీ లావాదేవీలన్నీ తమ్ముడి నంబరుతోనే. ఆ ఫోను ఇప్పుడు ఆయన భార్య చేతిలోనో, పదో తరగతి చదివే కూతురి చేతిలోనో ఉంటుంది. ఆఫీసులో ఇంకా ఎవరికీ చెప్పలేదు కాబట్టి మీ స్టోర్సు కుర్రాడు మామూలుగా "సార్, లోడు బయల్దేరిందా?" అని ఆ నంబరుకే పెడతాడు. మీ కంప్యూటరు నుంచి "డెలివరీ ఆలస్యమైంది" అన్న మెయిలు తేదీ దాటగానే తనంతట తాను వెళ్తుంది. నెలాఖరున ఖాతా సరిచూడమని అడిగే ఉత్తరం వెళ్తుంది. పండగ వస్తే శుభాకాంక్షలు ఆయన పేరుతోనే వెళ్తాయి. చావు ఇంట్లో ఆ పాప చేతిలోని తెరమీద నాన్న పేరుతో ఇవన్నీ ఒక్కొక్కటిగా వెలుగుతాయి. కాబట్టి కబురు తెలిసిన గంటలోనే స్టోర్సుకు, అకౌంట్సుకు, క్వాలిటీ వాళ్లకు ఒక మాట చెప్పాలి. ఆ సప్లయరు పేరు మీద తనంతట తాను వెళ్లే సందేశాలన్నీ ఆపించాలి. గ్రూపుల్లోంచి ఆయన నంబరును మాత్రం ఆ రోజే తీసేయకండి. "తొలగించారు" అన్న పంక్తి కూడా ఆ ఫోనులో కనిపిస్తుంది. కొన్ని వారాలు ఆగి చేయొచ్చు.

ఇక రెండో సందేశం. ఇది మూడో రోజున లేదా నాలుగో రోజున, అన్నగారికి కాకుండా యూనిట్‌లో పని చూసే సూపర్‌వైజరుకు. ఆయన కూడా దుఃఖంలోనే ఉంటారు, కాని పని ఆయన్ను వదలదు. "నాయుడుగారూ" అనో "బాబాయ్" అనో మీరు ఎప్పుడూ పిలిచే పిలుపుతోనే మొదలుపెట్టండి. ఇలా రాయొచ్చు:

"బాబాయ్, ఈ రోజుల్లో నీకూ కష్టంగానే ఉంటుంది. పంతొమ్మిది దాకా మాకు పెట్టెలున్నాయి. ఆ తర్వాత రెండు మూడు రోజులకు 2,000 తెల్ల పెట్టెలు బయట తెప్పించుకుంటున్నాం. అంతవరకే. మిగిలిన 7,000 మీ దగ్గరే, తొందరేమీ లేదు. అన్నగారికి ఎవరైనా వేరేగా చెబితే ఇదీ సంగతని నువ్వే చెప్పు. ఇప్పుడు బిల్లుల విషయం ఎవరు చూస్తున్నారో వాళ్ల నంబరు మాత్రం వీలైనప్పుడు పంపు."

వేరే వాళ్ల దగ్గర కొన్న సంగతి ముందే చెప్పడంలో పెద్ద కారణముంది. అట్టపెట్టెల వాళ్లందరూ ఒకే చోట పేపరు కొంటారు, ఒకే హమాలీలు ఎత్తుతారు. మీ 2,000 పెట్టెల ఆర్డరు ఆ సాయంత్రానికే వీధిలో తెలిసిపోతుంది. తెలిసేసరికి 2,000 కాస్తా ఆర్డరు మొత్తమని అయిపోతుంది. "తమ్ముడు పోయిన వారంలోనే పార్టీ జారిపోయింది" అని పరామర్శకు వచ్చినవాళ్లే అన్నగారి చెవిన వేస్తారు. ఆ మాట మన నోటి నుంచి, సంఖ్యతో సహా, ముందే చేరి ఉండాలి. అడిగినది ఒకే ఒక్కటి, ఒక నంబరు. దాన్నీ "వీలైనప్పుడు" అనే అడిగాం.

డబ్బు దగ్గర ఇంకొంచెం ఆగాలి, ఎందుకంటే మంచి మనుషులు కూడా తప్పుగా నడిచేది ఇక్కడే. పోయిన నెల బిల్లు ఈ నెల పదిహేనున చెల్లించాలి. ఆ రోజు ఎనిమిదో రోజు. "ఇప్పుడేం డబ్బులు, దినాలు అయ్యాక చూద్దాం" అని మన అకౌంట్సులో అంటారు. అది మర్యాద అనుకుంటారు. ఆ యూనిట్‌లో శనివారం శనివారం పనివాళ్లకు కూలి ఇవ్వాలి. ఇంట్లో ఆసుపత్రి ఖర్చు, కర్మల ఖర్చు ఒకేసారి పడ్డాయి. సంతాపం పేరుతో ఆపిన చెల్లింపు వాళ్లకు రెండో దెబ్బ. పైగా సూక్ష్మ, చిన్న సంస్థలకు చెల్లింపు గడువు ఒప్పందం ఏదైనా 45 రోజులు దాటకూడదని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం చెబుతుంది. చావు కారణంగా ఆ గడువు పెరగదు.

కానీ ఏ ఖాతాలో వేయాలి? ఇద్దరు భాగస్వాముల్లో ఒకరు పోతే ఆ సంస్థ ముగిసినట్టే. ఒక్కరితో భాగస్వామ్యం ఉండదు. సంస్థకు బ్యాంకులో అప్పు ఖాతా ఉంటే, పోయినవారి బాధ్యత ఎంతో తేల్చుకోవడానికి బ్యాంకు సాధారణంగా ఆ ఖాతా నడకను ఆపుతుంది. చెక్కులకు ఇద్దరి సంతకాలూ కావాలన్న ఏర్పాటు ఉంటే ఎలాగూ ఆగుతుంది. మనం వేసిన డబ్బు లోపలికి వెళ్తుంది కానీ శనివారం కూలికి బయటికి రాకపోవచ్చు. అందుకని బిల్లులు చూసే మనిషి నంబరు వచ్చాక ఒక్క ప్రశ్న: "పదిహేనున చెల్లింపు సిద్ధంగా ఉంది. పాత ఖాతాలోకే పంపమంటారా, ఆగమంటారా?" అంతే.

దీనికి కొత్త ఖాతా నంబరు జవాబుగా వస్తే మాత్రం జాగ్రత్త. సంస్థలో ఒకరు పోయిన సంగతి పత్రికలో, వాట్సాప్ గ్రూపుల్లో, షాపు ముందు కట్టిన శ్రద్ధాంజలి ఫ్లెక్సీలో అందరికీ కనబడుతుంది. "మా సార్ పోయారు కదా, ఖాతా మారింది, ఇకపై ఇందులో వేయండి" అని మెయిలు పంపే మోసగాళ్లకు ఇంతకన్నా నమ్మదగిన కథ దొరకదు. జాలితో మనం ప్రశ్నించమని వాళ్లకు తెలుసు. మెయిలులో ఉన్న నంబరుకు కాకుండా, మన దగ్గర ఏళ్లుగా ఉన్న నంబరుకు ఫోన్ చేసి మాట్లాడాలి. అక్షరం తేడా ఉన్న మెయిలు చిరునామా, ఖాతాదారు పేరులో సంస్థ పేరు లేకపోవడం, ఈ రోజే వేయాలన్న తొందర, ఈ మూడింట్లో ఏది కనబడినా ఆగాలి. అడగడంలో చిన్నతనం లేదు. "ఇలాంటి సమయంలో మీ పేరు చెప్పి ఎవరూ మోసం చేయకూడదని అడుగుతున్నాను" అంటే ఎవరూ నొచ్చుకోరు.

ఆగగలిగేవీ ఉన్నాయి. వాటికోసం ఫోన్ చేయనివాళ్లే నిజంగా లెక్క తెలిసినవాళ్లు. తమ్ముడే జీఎస్‌టీ చూసేవారు కదా. పోయిన నెల అమ్మకాల రిటర్ను, జీఎస్‌టీఆర్–1, పదకొండో తారీఖుకు వేయాలి. ఆయన పోయింది ఎనిమిదిన. ఓటీపీ వెళ్లేది ఆయన ఫోనుకే. రిటర్ను పడదు. పద్నాలుగున మీ జీఎస్‌టీఆర్–2బీ తెరిస్తే వాళ్ల బిల్లు కనబడదు. మీ అకౌంటెంటు కంగారుపడతాడు. కానీ పోయేది ఏముంది? వాళ్లు రిటర్ను వేశాక వచ్చే నెల 2బీలో అది కనబడుతుంది, పన్ను క్రెడిట్ అప్పుడు తీసుకోవచ్చు. మామూలుగా ఆ క్రెడిట్ తీసుకోవడానికి ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 దాకా గడువుంది. మీకు నష్టం ఒక నెల పాటు ఆ పన్ను మొత్తం చేతిలోంచి కట్టుకోవడమే. దానికోసం ఏడో రోజున చావు ఇంటికి ఫోన్ చేసి రిటర్ను అడగడం మనిషితనం కాదు.

ఒక్కొక్క పనినీ ఇలాగే పట్టుకుని చూడాలి. ఇది ఆగితే ఎవరికి, ఎంత, ఎన్నాళ్లు నష్టం? రోడ్డు మీద ఉన్న లారీ, చెడిపోయే సరుకు, బ్యాంకు గడువు ఉన్న కాగితం, ఇవి ఆగవు. కొత్త ధరల మాట, వచ్చే ఏడాది కాంట్రాక్టు, నాణ్యత మీద పాత తగువు ఆగుతాయి. ఆగేవాటి జాబితాయే ఎప్పుడూ పొడవుగా ఉంటుంది.

పరామర్శకు వెళ్లినప్పుడు సంచిలో బిల్లులు, చేతిలో డైరీ ఉండకూడదు. కాసేపు కూర్చోవాలి. మాట్లాడకపోయినా పర్వాలేదు. అన్నగారే ఒక్కోసారి "మీ లోడు ఆగిపోయింది కదండీ" అని ఎత్తుతారు. వ్యాపారి మనసు అలా పరిగెత్తుతుంది. పని గురించి మాట్లాడితే కాసేపు ఊపిరి ఆడినట్టు ఉంటుంది కూడా. అప్పుడు దాన్ని తోసిపుచ్చి "ఇప్పుడవన్నీ ఎందుకండీ" అని ఆయన్ను ఇబ్బందిపెట్టకండి. "పంతొమ్మిది దాకా సరుకుంది అన్నగారూ, ఆ తర్వాత మీరు మొదలుపెట్టినప్పుడే" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆయన ఇంకా అడిగితే ఇంకా చెప్పండి. ఎక్కడ ఆపాలో ఆయనే ఆపుతారు. లేచేటప్పుడు "వెళ్లొస్తాను" అనకుండా మౌనంగా రావడం మన దగ్గర ఉన్న పద్ధతి. అది తెలియని కుర్రాళ్లను తీసుకెళ్తుంటే దారిలోనే చెప్పాలి.

పెద్ద కంపెనీల్లో, ముఖ్యంగా హైదరాబాద్ నుంచి అమెరికా క్లయింటుతో పనిచేసే సాఫ్ట్‌వేర్ వాళ్లకు, పరిస్థితి ఇంకో రకం. అక్కడి జట్టులో ఒకరు పోతే మన పరిచయస్తులు మర్నాడే మీటింగుకు వస్తారు. అక్కడ దగ్గరి బంధువులు పోతే ఇచ్చే సెలవే తరచుగా మూడు నుంచి ఐదు రోజులు. సహోద్యోగి పోతే చాలాచోట్ల అదీ ఉండదు. వచ్చి కూర్చున్నారు కాబట్టి బాధ లేదనుకోకూడదు. పోయినవారి పని కూడా వాళ్ల మీదే పడి ఉంటుంది. మీటింగు మొదట్లో అందరి ముందూ పెద్ద మాటలు చెప్పడం కంటే, ముందే ఒక మనిషి పేరుతో, జట్టు పేరుతో కాకుండా, నాలుగు వాక్యాల మెయిలు పంపడం మేలు. దేవుడి ప్రస్తావన లేకుండా ఉంటే మంచిది. ఆ వారం వాళ్లు ఆమోదించాల్సినవాటిలో ఏవి వచ్చే వారానికి జరపవచ్చో మీరే తేల్చి, వేరే మెయిల్లో "వీటిని ఫలానా తేదీకి మార్చాం, మీరు చేయాల్సిందేమీ లేదు" అని రాయండి. సూత్రం ఆటోనగర్‌లో ఉన్నదే.

మూడో మాట పెద్దకర్మ తర్వాత. పంతొమ్మిదిన షట్టరు ఎత్తారని తెలిసి ఇరవయ్యో తారీఖున వెళ్లారనుకోండి. ఇప్పుడు పని మాట్లాడొచ్చు, మాట్లాడాలి కూడా. ఇంకా "మీ తమ్ముడు గారు..." అంటూ తప్పించుకుంటూ కూర్చుంటే ఆయనకు కావాల్సింది ఇవ్వనట్టే. మిగిలిన 7,000 పెట్టెలు ఎవరి పేరిట వస్తాయన్నది మొదటి సంగతి. 1932 నాటి భాగస్వామ్య చట్టంలో దీనికి ఒక దారి ఉంది. సంస్థ ముగిసినా, అప్పటికే మొదలై పూర్తికాని లావాదేవీలను పూర్తిచేసే అధికారం మిగిలిన భాగస్వామికి ఉంటుందని సెక్షన్ 47 చెబుతుంది. అంటే పాత ఆర్డరును అన్నగారు ఉన్నపళంగా పూర్తిచేయొచ్చు. కాగితాలు కుదిరేదాకా మిషన్ ఆపుకొని కూర్చోనక్కర్లేదు. చాలామంది వ్యాపారులకు ఈ సంగతి తెలియదు. బిల్లు ఏ నంబరు మీద కొట్టాలన్నది మాత్రం వాళ్ల ఆడిటరు చెప్పాలి.

కొత్త ఆర్డరు వేరే సంగతి. అన్నగారు ఒక్కరే సొంతదారుగా నడిపినా, తమ్ముడి భార్యనో కొడుకునో చేర్చుకుని కొత్త భాగస్వామ్యం రాసుకున్నా, పాన్ మారితే జీఎస్‌టీ నంబరు కూడా మారుతుంది. కొత్త పేరుతో కొత్త కొనుగోలు ఆర్డరు ఇవ్వాలి. కొత్త ఖాతా వివరాలు కాగితం మీద, ఆయన సంతకంతో, రద్దు చేసిన చెక్కు జతచేసి తీసుకోవాలి. తమ్ముడి స్థానంలో లోడింగు ఎవరు చూస్తారు, బిల్లులు ఎవరు వేస్తారు, ఫోన్ ఎవరికి చేయాలి అన్నవి అప్పుడు రాసుకోవాలి. అన్నగారికి ఇన్నాళ్లూ అలవాటు లేని పనులివి. మొదటి రెండు మూడు బిల్లుల్లో హెచ్‌ఎస్‌ఎన్ కోడు తప్పు పడొచ్చు, లెక్క తేడా రావొచ్చు. వాటిని వెనక్కి తిప్పి పంపేముందు మీ అకౌంటెంటును ఒక పూట అక్కడికి పంపి, పక్కన కూర్చుని చేయించండి. ఆ నెలలో పచ్చళ్ల ఫ్యాక్టరీ ఆ కుటుంబానికి చేయగల సాయాల్లో దీనికంటే పెద్దది నాకు కనబడదు.